స్టార్ కొట్టిన మెసేజ్ ఎప్పుడు మిగులుతుంది, ఎప్పుడు పోతుంది: ఆరేళ్లు వాడాక

వాట్సాప్‌లో స్టార్ కొట్టడం నాకు ఆరేళ్ల అలవాటు. గ్యాస్ కనెక్షన్ నంబరు, అమ్మ మందుల చీటీ ఫొటో, మేస్త్రి పంపిన ఇనుము లెక్క, ఏది మళ్లీ కావాలనిపించినా నొక్కి పట్టుకుని స్టార్ పెట్టేస్తాను. పెట్టాక ఇక భద్రమే అనుకునేవాణ్ని. అందులో సగమే నిజం.

ఫోన్ నిండిపోయినప్పుడల్లా చాట్లు ఖాళీ చేస్తుంటాను. Clear chat నొక్కితే, స్టార్ పెట్టినవి కూడా తీసెయ్యాలా అని ఒక గడి కనిపిస్తుంది. అందులో టిక్ లేకుండా చూసుకుంటే మిగతా చెత్తంతా పోయి స్టార్ ఉన్నవి అదే చాట్‌లో మిగులుతాయి. ఇలా చాలాసార్లు చేశాను, ఒక్కటీ పోలేదు. ఐఫోన్‌లో ఇదే ప్రశ్న కొంచెం వేరేగా అడుగుతుంది, సంగతి మాత్రం అదే.

Delete chat కథ వేరు. ఇల్లు పూర్తయింది కదా, ఇక మేస్త్రితో పనేముందని ఆ చాట్‌నే మొత్తం తీసేశాను. సాయంత్రం స్టార్ల జాబితా తెరిస్తే ఇనుము లెక్క, పిల్లర్ల కొలతలు ఏవీ లేవు! తప్పు నాదే, రెండూ ఒకటే అనుకుని తొందరలో నొక్కాను. స్టార్ పెట్టినంత మాత్రాన మెసేజ్ ఇంకోచోట దాచినట్టు కాదు, ఉన్నచోటే దానికొక గుర్తు పెట్టినట్టు, అందుకే చాట్ పోతే అదీ పోతుంది. పంపినవాళ్లు అందరికీ డిలీట్ కొట్టినా అంతే, మన స్టార్ దాన్ని ఆపదు.

అదృష్టం కొద్దీ అదే రోజు గమనించాను. రాత్రి రెండింటికి తీసుకున్న బ్యాకప్ ఇంకా అలాగే ఉంది, తర్వాతి బ్యాకప్ దాని మీద పడకముందే యాప్ తీసేసి మళ్లీ వేసుకుని Restore కొట్టాను. లెక్కలు తిరిగొచ్చాయి, కానీ ఆ రోజు పొద్దున్నుంచి వచ్చిన మెసేజ్‌లు మాత్రం పోయాయి. మర్నాడు గమనించి ఉంటే పని ఇంత తేలికగా అయ్యేది కాదు.

ఫొటోల దగ్గర ఇంకో మెలిక ఉంది. మెసేజ్ మిగిలినా ఫైలు గ్యాలరీలో ఉంటుంది, అక్కడ మనమే తుడిచేస్తే స్టార్ల జాబితాలో మసక బొమ్మ మాత్రం కనిపిస్తుంది. అమ్మ చీటీ ఒకసారి అలాగే అయింది.

టెలిగ్రామ్‌లో Saved Messages వేరే పద్ధతి. అక్కడికి ఫార్వర్డ్ చేస్తే నిజంగానే కాపీ తయారవుతుంది, అసలు చాట్ తీసేసినా అది ఉంటుంది. సీక్రెట్ చాట్‌లోవి మాత్రం ఫార్వర్డ్ చేయనివ్వదు.

ఇప్పుడు వాట్సాప్‌లోనూ ఇంటి లెక్కల్లాంటివన్నీ నాకు నేనే పంపుకునే చాట్‌లోకి ఫార్వర్డ్ చేసుకుంటున్నాను. గ్యాస్ నంబరుకి మాత్రం ఇంకా స్టారే, పోతే బుక్కు ఇంట్లోనే ఉంది.