లెక్కల పాఠాలు: సొంత సర్వర్‌లోనా, యూట్యూబ్‌లోనా?

మా బావ దేవరకొండలో పదో తరగతికి లెక్కలు చెబుతాడు. నల్లబల్ల ముందు నిలబడి 40 పాఠాలు రికార్డు చేశాడు, ఒక్కొక్కటి 12 నిమిషాలు. వాటిని యూట్యూబ్‌లో పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. "త్రికోణమితి అయిపోగానే పక్కన సినిమా పాట కనిపిస్తే పిల్లవాడు ఆగుతాడా? మన వెబ్‌సైట్‌లోనే పెట్టు" అన్నాడు. ఆ పని మీద వేసిన లెక్క ఇది.

ముందు యూట్యూబ్ మాట. ఎంతమంది చూసినా మన జేబులోంచి రూపాయి పోదు. ఒక్కో వీడియోను అది నాలుగైదు సైజుల్లో తయారు చేసి, సిగ్నల్‌ను బట్టి మారుస్తుంది. చందంపేట వైపు తండాల్లో సిగ్నల్ పడిపోయినప్పుడు బొమ్మ మసకబారుతుందే గాని పాఠం ఆగదు. మన సర్వర్‌లో ఒకే ఫైలు పెడితే ఈ సౌకర్యం ఉండదు. బావ భయమూ నిజమే. వీడియోను మన పేజీలో పొదిగి, దాని లింకులో `rel=0` అని పెడితే చివర్లో మన ఛానెల్ వీడియోలే చూపిస్తుంది. కానీ మనకు ఆదాయం లేని ఛానెల్‌లో కూడా ప్రకటనలు రావచ్చు. పైగా తెర మీది గుర్తును ఒక్కసారి తాకితే పిల్లవాడు యూట్యూబ్‌లో ఉంటాడు.

ఇక సొంత సర్వర్ ఖర్చు. ఫోనులో తీసిన పాఠాన్ని మామూలుగా 720పీకి మారిస్తే సెకనుకు సుమారు 1.5 మెగాబిట్లు. ఎనిమిదితో భాగించి 720 సెకన్లతో గుణిస్తే పాఠానికి 135 ఎంబీ. 300 మంది పిల్లలు నెలకు 20 పాఠాలు చూస్తారనుకుందాం. 6,000 వీక్షణలు, 810 జీబీ. పరీక్షల ముందు దానికి మూడింతలు, అంటే 2,430 జీబీ.

డాలరుకు 90 రూపాయల చొప్పున చూద్దాం. అమెజాన్ క్లౌడ్ ముంబై కేంద్రం నుంచి నేరుగా పంపితే నెలకు మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి సుమారు 11 సెంట్లు. మామూలు నెలలో దాదాపు 7,000 రూపాయలు, పరీక్షల నెలలో 23,000కు దగ్గర. ట్యూషన్ సారు భరించే ఖర్చు కాదు. అదే సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్ ఓషన్‌లో 6 డాలర్ల చిన్న సర్వర్‌కు నెలకు సుమారు 1,000 జీబీ కలిసి వస్తుంది, దాటితే జీబీకి ఒక సెంటు. మామూలు నెలకు 540, పరీక్షల నెలకు సుమారు 1,830 రూపాయలు. ఒకే వీడియోకు, ఒకే పిల్లలకు ఇంత తేడా!

అయితే నేను ఎక్కువ సమయం పెట్టింది ధరల మీద కాదు, ఫైలు సైజు మీద. నల్లబల్ల కదలదు, కదిలేది చెయ్యి ఒక్కటే. ఇలాంటి దృశ్యం బాగా కుదించుకుపోతుంది. వీడియోలను మార్చే ffmpeg అనే ఉచిత సాధనానికి ఇచ్చిన ఆజ్ఞ ఇది:

```
ffmpeg -i patham.mp4 -vf scale=-2:480 -r 15 \
 -c:v libx264 -crf 28 -maxrate 400k -bufsize 800k \
 -c:a aac -ac 1 -b:a 48k -movflags +faststart patham480.mp4
```

పాఠం 40 ఎంబీకి దిగింది. సుద్దముక్క రాత ఫోనులో స్పష్టంగానే ఉంది. రెండు పాఠాల్లో బల్ల మూలన చిన్నగా రాసిన ఘాతాంకాలు మాత్రం అలుక్కుపోయాయి, ఆ రెండింటినీ 720పీలోనే ఉంచాను. ఇప్పుడు పరీక్షల నెలకు కూడా సుమారు 800 జీబీయే, ఆ 540 రూపాయల్లోనే సరిపోతుంది. పిల్లల డేటా కూడా మూడో వంతుకన్నా తక్కువే ఖర్చవుతుంది. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

ఆ ఆజ్ఞ చివరనున్న `+faststart` మరచిపోవద్దు. అది లేకపోతే, ప్లే మొదలవడానికి కావాల్సిన వీడియో సూచిక ఫైలు చివర ఉంటుంది. ప్లే నొక్కాక చక్రం తిరుగుతూనే ఉంటే, ఆ తర్వాత ఒక్కసారిగా మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాగే పేజీలోని వీడియో ట్యాగ్‌లో `preload="none"` పెట్టాలి. లేకపోతే పేజీ తెరవగానే బ్రౌజర్ ఎవరూ నొక్కని పాఠాల ముక్కలు కూడా లాగుతుంది, ఆ జీబీలూ మన ఖాతాలోకే వస్తాయి.

కాబట్టి బావ పాఠాలకు సొంత సర్వరే మేలని చెప్పాను. అందరికీ అలా చెప్పను. పోచంపల్లి చీర రంగులు చూపించే వీడియోను ఇంతగా కుదిస్తే ఇక్కత్ అంచులు చెదిరిపోతాయి. ఎంతమంది చూస్తారో ముందే తెలియనిదైతే, ఒక్క రాత్రిలో వెయ్యి జీబీ దాటే ప్రమాదమూ ఉంది. అలాంటివి యూట్యూబ్‌కే వెళ్లాలి. బావవి కూడా మొదటి రెండు పాఠాలు కొత్త పిల్లలు వెతికితే దొరకాలని అక్కడే పెట్టాం. మిగతా 38 మన దగ్గర ఉన్నాయి. నెలలో 800 జీబీ దాటితే నాకు మెయిల్ వచ్చేలా చిన్న స్క్రిప్టు కూడా పెట్టాను.