చెమటకాయలకు ఇద్దరు పిల్లల మీద వాడినవన్నీ: ఏది పనిచేసింది, ఏది ముంచింది

మా పెద్దవాడు విజయవాడలో మార్చి నెలాఖరున పుట్టాడు. మూడేళ్ళ తర్వాత చిన్నది ఏప్రిల్లో పుట్టింది. ఇద్దరి మొదటి నెలలూ నడి ఎండాకాలంలోనే గడిచాయి. వాడికి ఒళ్ళు పేలినప్పుడు పౌడర్లు, లోషన్లు, ఆయింట్‌మెంట్లు, ఎవరేం చెబితే అది వాడాం. దానికి దాదాపు ఏమీ రాయలేదు. రాసినవాడికి చీము పట్టింది, రాయనిదానికి రెండు రోజుల్లో తగ్గింది. ఎందుకలా జరిగిందో కాస్త వివరంగా రాస్తాను.

పెద్దవాడికి నెలన్నర ఉన్నప్పుడు మేం పుట్టింట్లోనే ఉన్నాం. రోజూ పొద్దున కొబ్బరినూనెతో మర్దన, సున్నిపిండితో నలుగు, వేడివేడి నీళ్ళు, తర్వాత సాంబ్రాణి, ఆపైన మెడకీ చంకలకీ గజ్జల్లోకీ పౌడరు. తలకి టోపీ, చుట్టూ పొత్తిళ్ళు. పక్క తడవకుండా కింద రబ్బరు షీటు. ఫ్యాను వేస్తే గాలి కొడుతుందని రెగ్యులేటరు ఒకటిలో. బయట నలభై డిగ్రీలు, పైగా ఉక్క. ముందు నుదుటి మీద మంచుబిందువుల్లా సన్నటి నీటి పొక్కులు కనిపించాయి. గుడ్డతో తుడిస్తే చిట్లిపోయేవి. అవి మామూలువే, వాటికవే పోతాయి. నాలుగు రోజులకి మెడ చుట్టూ, వీపు మీద ఆవగింజల్లా ఎర్రటివి లేచాయి. వాడు తల అటూ ఇటూ రుద్దుకుంటూ ఏడ్చేవాడు.

"పేలిందే, పౌడరు ఇంకాస్త దట్టంగా వెయ్యి. మీ ఇద్దర్నీ ఈ పౌడరుతోనే పెంచాను," అంది అమ్మ. వేశాను. అది చాలక మా ఆయన పెద్దవాళ్ళు వాడే చల్లటి ప్రిక్లీ హీట్ పౌడరు తెచ్చారు. అదీ వేశాం. ఆ సాయంత్రం వాడి గడ్డం పైకెత్తి తడిగుడ్డతో మెడ మడత తుడిచాను. తెల్లటి దారంలా, పిండి ముద్దలా ఒకటి బయటికి వచ్చింది. చెమటా, పాలూ, పౌడరూ, నూనే కలిసి గట్టిపడ్డ ముద్ద. దాని కింద చర్మం పచ్చిగా, ఎర్రగా, పుల్లటి వాసనతో ఉంది. అప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళకుండా మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాయగానే ఎరుపు తగ్గింది, సంబరపడ్డాం. మూడో రోజు రెట్టింపుగా తిరిగొచ్చింది. ఐదో రోజు పొక్కుల తలలు పసుపు రంగుకి తిరిగాయి. తల వెనక శనగగింజంత గడ్డ లేచింది. ఆ వైపు తల ఆనించి పాలు పట్టబోతే కెవ్వుమనేవాడు.

పిల్లల డాక్టరమ్మ మెడ చూడగానే అడిగిన మొదటి మాట, "పౌడరు వేస్తున్నారా అమ్మా?"

ఆవిడ చెప్పింది నేను అప్పటిదాకా అనుకున్నదానికి పూర్తిగా వేరు. చెమట ఎక్కువై చెమటకాయలు రావట. చెమట బయటికొచ్చే దారి మూసుకుపోయి వస్తాయి. పసిబిడ్డల చెమటనాళాలు ఇంకా సరిగ్గా ఎదిగి ఉండవు, తేలిగ్గా పూడుకుపోతాయి. లోపల ఊరిన చెమట పైకి రాలేక చర్మం పొరల్లోకే కారి వాపు తెస్తుంది. అదే ఆ ఎర్రటి కాయ. దారి మూసుకుపోవడం వల్ల వచ్చినదాని మీద మేం రోజుకి మూడు పూటలా పిండి మెత్తుతున్నామన్నమాట. నూనె కూడా అంతే, ఆ రంధ్రాల మీద మూతలా కూర్చుంటుంది.

పౌడరు ఏ కంపెనీది అయినా పసిబిడ్డకి వద్దని నా తీర్పు. టాల్క్ అయితే మరీను. డబ్బా దులిపినప్పుడు లేచే సన్నటి ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బా ముఖం మీద ఒలికిపోయి బిడ్డ దగ్గడం మొదలుపెడితే అది నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని. మొక్కజొన్న పిండితో చేసినదైతే మంచిదంటారు కానీ ధూళి ధూళే, మెడ మడతలో ముద్ద ముద్దే. ఇక పెద్దవాళ్ళ ప్రిక్లీ హీట్ పౌడర్లు. వాటి వెనక చిన్న అక్షరాల్లో ఉన్నవి చదవండి. మెంథాల్, కర్పూరం, శాలిసిలిక్ యాసిడ్, కొన్నిట్లో బోరిక్ యాసిడ్. క్యారమ్ బోర్డు మీద చల్లుతామే, ఆ బోరిక్ పౌడరే. పచ్చిగా ఉన్న చర్మం గుండా ఇది బిడ్డ ఒంట్లోకి దిగితే విషం. మెంథాల్, కర్పూరాల ఘాటు పసివాళ్ళ ఊపిరికి ఇబ్బంది తెస్తుంది. పైగా మెంథాల్ ఒంటిని చల్లబరచదు, చల్లగా ఉన్నట్టు నరాలకి అనిపింపజేస్తుంది, అంతే. వేడి ఎక్కడిదక్కడే ఉంటుంది.

షాపు వాళ్ళిచ్చిన ట్యూబు చూపిస్తే డాక్టరమ్మ ముఖం మాడ్చుకుంది. అందులో గాఢమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉన్నాయి. స్టెరాయిడ్ ఎరుపుని అణిచిపెడుతుంది కాబట్టి తగ్గినట్టే కనిపిస్తుంది. ఈలోగా చర్మం సొంత రక్షణ తగ్గి సూక్ష్మజీవులు పెరగొచ్చు, పల్చటి చర్మం ఇంకా పల్చబడుతుంది. ఆ ట్యూబు అక్కడే చెత్తబుట్టలో వేయించింది.

తల వెనక గడ్డని మా ఇంట్లో సెగగడ్డ అన్నారు. నేను మామిడిపళ్ళు తిని పాలివ్వడం వల్లే వచ్చిందని మా పెద్దమ్మ తేల్చేసింది, సున్నం బెల్లం కలిపి పట్టు వెయ్యమంది. నిజానికి పూడుకుపోయిన చెమట రంధ్రాల్లో బాక్టీరియా, ఎక్కువగా స్టెఫైలోకాకస్ అనేది, చేరితే ఇలాంటి గడ్డలు కడతాయి. మెడ, తల వెనక, వీపు, పిరుదుల మీద ఇవి మామూలు. పాపం మామిడిపండుకి సంబంధం లేదు. డాక్టరమ్మ గడ్డని పిండనివ్వలేదు. మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు, బిడ్డ బరువుని బట్టి లెక్కకట్టిన యాంటీబయాటిక్ సిరప్పు రాసింది. మాకు పనికొచ్చింది కదా అని ఇవి మీరు కొనకండి, మోతాదు బరువు మీద మారుతుంది. నాకు బాగా నచ్చినది ఇంకొకటి. ఎరుపు ఎంతవరకు ఉందో బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీసింది. "రేపటికి ఎరుపు ఈ గీత దాటితే మళ్ళీ తీసుకురండి," అంది. దాటలేదు. మూడో రోజుకి వాడు అటువైపు తిరిగి పాలు తాగాడు.

చీము పట్టిందని ముందే ఎలా తెలుస్తుందని అడిగితే ఆవిడ ఒక లెక్క చెప్పింది. ఒట్టి చెమటకాయలైతే ఒళ్ళు చల్లబడ్డాక రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, పొక్కుల్లో పసుపు చీము కనిపించినా, తేనె రంగులో పెచ్చు కట్టినా, చుట్టూ ఎర్రగా వేడిగా ఉబ్బినా, ముట్టుకుంటే బిడ్డ ఏడ్చినా అది చెమటకాయల దశ దాటినట్టే. మెడ మడతలో నిగనిగలాడే ఎరుపు, దాని అంచు చుట్టూ విడివిడిగా చిన్న చుక్కలు ఉంటే ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం ఉంటే, లేదా బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడి ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. చంకలో పెట్టిన థర్మామీటరు కాస్త తక్కువ చూపిస్తుంది కాబట్టి 99 దాటినా ఫోను చెయ్యమంది.

ఇక చిన్నదాని ఎండాకాలం. మొదట పోయినవి టోపీ, పొత్తిళ్ళు, రబ్బరు షీటు. ఈ షీటు మీద నాకు ఇప్పటికీ కోపమే. వీపుకి గాలి తగలనివ్వదు, పెద్దవాడి వీపు పేలడానికి సగం కారణం అదే. పాతబడ్డ నూలు చీరని నాలుగు మడతలు వేసి పరిచాం, తడిస్తే మార్చాం. ఉతుకుడు పెరిగింది, నిజమే. చేతుల్లేని పల్చటి మల్లు జుబ్బా ఒక్కటే వేశాం. డైపరు రాత్రికి మాత్రమే.

ఫ్యాను ఫుల్లుగా. కూలరు మాత్రం మనూళ్ళో చూసుకుని వాడాలి. పొడిగా వడగాలి కొట్టే రోజున హాయిగా ఉంటుంది. ఉక్కపోసే రోజున కిటికీలు మూసి కూలరు పెడితే గది ఆవిరిగదే. చెమట ఆరదు, ఒళ్ళు ఇంకా పేలుతుంది. ఆ రోజుల్లో నీళ్ళు పోయకుండా ఒట్టి గాలి పెట్టుకున్నాం. ఏసీ ఉన్న గదిలో 26లో పెట్టి గాలి నేరుగా తగలకుండా పడుకోబెట్టాం. అరిచేతులు చల్లగా ఉన్నాయని అమ్మ కంగారుపడేది. పసిబిడ్డల చేతులు కాళ్ళు చల్లగానే ఉంటాయి, చూడాల్సింది మెడ వెనక. అక్కడ చెమటగా వేడిగా ఉంటే ఒక బట్ట తగ్గించాలి.

స్నానం పొద్దున, సాయంత్రం గోరువెచ్చటి కంటే ఇంకాస్త చల్లటి నీళ్ళతో. సబ్బు రెండు రోజులకోసారి, నలుగు లేదు, ఎండలు తగ్గేదాకా నూనె లేదు. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దడం. మెడ మడత, చెవి వెనక, చంక ఆరాకే జుబ్బా.

పాలిచ్చేటప్పుడు మోచేతి మడతలో ఆనించిన చెంప మాత్రమే పేలడం గమనించాను. ఇద్దరి చెమటా అక్కడ కలుస్తుంది. ఆ చేతి మీద పల్చటి నూలు గుడ్డ వేసుకున్నాక అది తగ్గింది. దాహమేస్తుందని మంచినీళ్ళు పట్టమనేవాళ్ళు బోలెడుమంది. ఆరు నెలల లోపు నీళ్ళు వద్దు, ఎండాకాలం పాలే ఇంకో రెండుసార్లు ఇవ్వాలి.

కాలమైన్ లోషన్ పరవాలేదు. డాక్టరుని అడిగి వీపు మీద మాత్రం పల్చగా రాశాం. దురద తగ్గిస్తుంది, చెమటకాయల్ని తగ్గించదు. ఆరాక పొడిపొడిగా రాలుతుంది కాబట్టి మెడ మడతల్లో, నోటి దగ్గర రాయలేదు. సీసా ఇంకా ముప్పావు వంతు మిగిలే ఉంది.

చిన్నదానికీ రెండుసార్లు పేలింది. ఒకసారి రాత్రంతా కరెంటు లేక విసనకర్రతో గడిపినప్పుడు, ఒకసారి పెళ్ళికని నెట్టు గౌను వేసినప్పుడు. మెడ తుడిచి, జుబ్బా కూడా తీసేసి ఫ్యాను కింద పడుకోబెట్టాం. రెండోసారి మూడో రోజు పొద్దున అమ్మే దాని గడ్డం ఎత్తి చూసి, "తగ్గిందే, ఏమీ రాయకుండానే," అంది కాస్త నమ్మలేనట్టుగా.