జాగ్రత్త: ఇంటి ముందు టైల్స్ చూసి మురిసిపోకండి, బకెట్ నీళ్లు పోసి చూడండి

మన వైపు ఇండిపెండెంట్ ఇల్లు చూస్తున్నవాళ్లందరికీ ఈ పోస్టు. బిల్డర్ ఎవరో మీకు తెలుసు. మా రోడ్డులో వరసగా ఆరు ఇళ్లు కట్టి, ఒక్కో గేటుకు సింహం బొమ్మలు పెట్టించిన పెద్దమనిషి. పేరు రాయడం లేదు.

నిన్న రాత్రి వానకు మా కాంపౌండ్‌లో పాదాలు మునిగేదాకా నీళ్లు. వాన తగ్గింది, రోడ్డు మీద నీళ్లు పోయాయి, పక్కన కాలువ కూడా దిగింది. మా ఇంట్లో నీళ్లు మాత్రం తెల్లారేదాకా కదల్లేదు. సంపు మూత టైల్స్‌తో సమానంగా పెట్టారు కదా, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఆ బురదంతా నీట్‌గా సంపులోకి దిగింది. మోటారు పోయింది. తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటున్నాం.

పొద్దున్నే బిల్డర్‌కి ఫోన్ చేశాను. ముందు "హైదరాబాద్ అంతా మునిగింది సార్, మీరొక్కరేనా" అన్నాడు. రోడ్డు ఆరిపోయింది, మా వాకిలి ఆరలేదు, వచ్చి చూడండి అన్నాను. వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు, చెప్పులు తడుస్తాయని కాబోలు. మా అమ్మ చీపురుతో నీళ్లు తోస్తుంటే చూస్తూ, నవ్వుతూ అన్న మాట ఇది: "నేను ఇల్లు అమ్మానండీ, వానకు గ్యారంటీ ఇవ్వలేదు."

ఆ మాట ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. అగ్రిమెంటు రోజు మా నాన్నగారి కాళ్లకు దండం పెట్టినవాడే ఇతను. "జాలీలో మీరే ఆకులు, చెత్త వేసి ఉంటారు, క్లీన్ చేయించుకోండి" అని కారెక్కి పోయాడు.

సరే, క్లీనే చేయిద్దామని ప్లంబర్‌ని పిలిచాను. వెదురు బద్ద లోపలికి తోస్తే కొంచెం దూరం వెళ్లి టక్కున ఆగింది. టైల్స్ రెండు లేపి పైపు కోసి చూస్తే, అందులో ఆకులూ లేవు, చెత్తా లేదు. గట్టిపడిన సిమెంట్ పాలు, దానికి అంటుకుని సిమెంట్ బస్తా ముక్క! టైల్స్ వేసిన రోజు పనివాళ్లు తాపీలు, బకెట్లు కడిగిన నీళ్లన్నీ ఆ జాలీలోనే పోశారన్నమాట. నాలుగంగుళాల పైపులో మిగిలింది అంగుళం సందు.

చాలామంది పైపు చిన్నదనుకుంటారు. కాదు. మాది 200 గజాల జాగా. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే డాబా మీద, వాకిట్లో కలిపి 8,300 లీటర్ల నీళ్లు. నాలుగంగుళాల పైపు శుభ్రంగా ఉండి, 100 అడుగులకు ఒక అడుగు వాటం ఉంటే గంటకు 20 వేల లీటర్ల దాకా లాగేస్తుంది. అంటే అలాంటి వానకు ఆ పైపే ఎక్కువ. దాన్ని వీళ్లే పూడ్చి, మన మీద ఆకుల నేరం మోపుతున్నారు.

అసలు దెబ్బ అది కూడా కాదు. పైపు ఖాళీ చేసినా నీళ్లు గేటు వైపు వెళ్లవు. మేస్త్రీ లెవెల్ పైపు పట్టి చూశాడు. గేటు దగ్గర నుంచి హాలు గుమ్మం దాకా 20 అడుగులు. గుమ్మం వైపు మూడంగుళాలు పల్లం! లెక్క ప్రకారం ఇంటి నుంచి గేటు వైపు రెండున్నర అంగుళాలన్నా వాలాలి. వాటం అయితే చక్కగా కుదిర్చారు పాపం, దిక్కు ఒక్కటే తేడా.

ఎందుకిలా అయిందో మేస్త్రీయే చెప్పాడు. మా రోడ్డు మీద పాత రోడ్డు తవ్వకుండానే కొత్త సీసీ రోడ్డు పోశారు. రోడ్డు అర అడుగు లేచింది. ఇంటి బేస్‌మెంట్ అప్పటికే పాత లెవెల్‌లో కట్టేసి ఉంది. కారు ఎక్కడానికి గేటును రోడ్డుకు కలిపారు, అక్కణ్ణుంచి టైల్స్‌ను గుమ్మం వైపు దించుకుంటూ వచ్చారు. నీళ్లన్నీ గుమ్మం పక్క మూలకు చేరతాయి, ఆ మూలలో ఒకే ఒక్క జాలీ, దాని పక్కనే సంపు. ఇది తెలియక జరిగింది కాదు. టైల్స్ వేసే మనిషికి నీళ్లు ఎటు పోతాయో తెలియకుండా ఉంటుందా?

ఇప్పుడు టైల్స్ తీసి వాటం తిప్పుదామన్నా కుదరదు. గుమ్మం వైపు ఐదున్నర అంగుళాలు లేపాలి. మా గడప ఉన్నదే ఆరంగుళాల ఎత్తు. అంటే వాకిలి హాలుతో సమానం అవుతుంది, ఈసారి నీళ్లు నేరుగా సోఫా దగ్గరికే. అందుకే గుమ్మం ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా కాలువ తీసి పైన జాలీ వేయడం, అక్కణ్ణుంచి ఆరంగుళాల పైపు నేరుగా బయటి కాలువకు, మలుపు ఉన్నచోట మూత తీసి చూసుకునేలా ఛాంబర్. డాబా నీళ్ల పైపు కూడా వాకిట్లో వదలకుండా ఆ ఛాంబర్‌కే. సంపు మూత చుట్టూ ముందు అర అడుగు గోడ కట్టిస్తున్నాం, అది ఈ వారమే. ఇంత చేసినా బయటి కాలువే నిండిపోతే మన నీళ్లు పోవు, అది వేరే సంగతి. అప్పుడు వాన తగ్గి కాలువ దిగితే మన వాకిలీ దిగుతుంది. కాలువ దిగినా మన వాకిలి దిగలేదంటే తప్పు మన పైపులో ఉన్నట్టే.

రెరాకు వెళ్లమని ఫ్రెండ్ అన్నాడు. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు పనిలో లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా బాగు చేయాలని రెరా చట్టంలో ఉంది, నిజమే. కానీ ఎనిమిదికి మించని ఇళ్ల ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదట. మనవాడు ఎందుకు ఆరే కట్టాడో ఇప్పుడు అర్థమైంది. వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. కోసిన పైపు ముక్క, లెవెల్ పైపు ఫోటోలు, వీడియో అన్నీ దాచాను.

ఇల్లు చూడ్డానికి వెళ్తే ఒక బకెట్ అడగండి. వాకిట్లో దూరపు మూలలో పోసి నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. తర్వాత నేరుగా జాలీలో నాలుగు బకెట్లు గబగబా పోయండి. వెంటనే నీళ్లు పైకొస్తే పైపు పూడిపోయినట్టు. జాలీ గటగటా తాగేసి, వాకిట్లో మాత్రం మడుగు నిలిస్తే వాటం తప్పు. రోడ్డు మీద నిలబడి, గుమ్మం ముందు నేల రోడ్డుకన్నా పైన ఉందో కింద ఉందో కూడా చూసుకోండి. నేను వంటింటి కప్‌బోర్డులు తెరిచి మూసి చూశాను, మహా జాగ్రత్తపరుణ్ణి కదా!

మిగతా ఐదు ఇళ్లవాళ్లు ఇక్కడ ఉంటే మెసేజ్ పెట్టండి, ఫిర్యాదు కలిసి వేద్దాం. గ్రానైట్ పగలకుండా టైల్స్ లేపగలిగే మంచి మేస్త్రీ ఎవరికైనా తెలిస్తే ఈరోజే చెప్పండి, సాయంత్రానికి మళ్లీ మబ్బు పట్టింది.