రెండు విద్యా సంవత్సరాలు వాడిన తెలుగు డిటెక్టర్ మీద నా సమీక్ష

అనంతపురంలో మా డిగ్రీ కాలేజీ తెలుగు విభాగంలో, వ్యాసం విద్యార్థి రాసిందా మెషీన్ రాసిందా అని చూడటానికి ఒక డిటెక్టర్ వాడుతున్నాం. లోపల ఉన్నది `xlm-roberta-base`. తెలుగుతో సహా 100 భాషలు చదివిన ట్రాన్స్‌ఫార్మర్ రకం భాషా మోడల్ ఇది. ఒక్కసారికి 512 టోకెన్లే, అంటే అన్ని మాటల ముక్కలే, తీసుకుంటుంది కాబట్టి పెద్ద వ్యాసాన్ని ముక్కలు చేసి ఇవ్వాలి.

దీనికి శిక్షణ జతలతో ఇచ్చారు. ఒకే ప్రశ్నకు విద్యార్థి జవాబు ఒకటి, మెషీన్ జవాబు ఒకటి. విషయం రెండువైపులా ఒకటే అయితే టాపిక్ చూసి తేల్చే వీలుండదు, రాసిన తీరునే పట్టుకోవాలన్నది ఉద్దేశం. కానీ జత కుదిరింది ప్రశ్న వరకే. పిల్లల జవాబులన్నీ ఫోన్‌లో కొట్టినవి, ఫుల్‌స్టాప్ ముందు ఖాళీలు, మధ్యమధ్య మన సీమ మాటలు. మెషీన్ జవాబులన్నీ ఒకే మోడల్ ఇచ్చినవి, గీత గీసినట్టు నీట్‌గా ఉంటాయి.

శిక్షణలో మోడల్‌కు కావలసింది తప్పు తగ్గడం ఒక్కటే. ఫుల్‌స్టాప్ ముందున్న ఆ ఖాళీని చూస్తేనే ఎవరు రాసిందో తేలిపోతుంటే, తప్పు మొదటి విడతలోనే దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆ తర్వాత దాన్ని ముందుకు నెట్టేది ఏమీ ఉండదు, శైలి నేర్చుకునే అవసరమే రాదు. పైగా 27 కోట్లకు పైగా పారామీటర్లున్న మోడల్‌కు కొన్ని వేల జతలు గుర్తుపెట్టుకోవడం పెద్ద పనేం కాదు. పరీక్షకు వాడిన జవాబులూ అదే కుప్పలోంచి తీసినవే కాబట్టి అక్కడ మార్కులు అద్భుతంగా వచ్చాయి, లోపం బయటపడలేదు.

కదిరి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వేరుశనగ సాగు మీద పాఠ్యపుస్తకం భాషలో చక్కగా రాసింది. మెషీన్ రాసిందంటూ డిటెక్టర్ 1కి 0.96 స్కోరు చూపింది. ఆ అమ్మాయి మా ముందే కూర్చుని రాసిన వ్యాసం అది! ఒక్క అక్షరం మార్చకుండా ప్రతి ఫుల్‌స్టాప్ ముందు ఖాళీ పెట్టి చూశాం, 0.41కి దిగింది. "వేరుశనగ" బదులు "శెనక్కాయ" అని పెడితే ఇంకా పడిపోయింది. మెషీన్ వ్యాసానికీ ఇవే మార్పులు చేస్తే మనిషి రాసిందని చెప్పింది. శుద్ధంగా రాసే పిల్లలకే దెబ్బ తగలడం నాకు చాలా బాధనిపించింది.

తర్వాత మళ్ళీ శిక్షణ ఇప్పించాం. రెండువైపులా ఖాళీలు, విరామచిహ్నాలు ఒకేలా సరిచేశారు. మనుషుల వైపు అధ్యాపకుల వ్యాసాలు కూడా చేర్చారు. మెషీన్ వైపు నాలుగైదు మోడళ్లు వాడి, ఒకదాన్ని పూర్తిగా పరీక్షకే దాచారు. ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబులు శిక్షణలోనూ పరీక్షలోనూ కలవకుండా ప్రశ్నలవారీగా విడగొట్టారు. పాత పరీక్షలో మార్కులు తగ్గాయి గానీ, దాచిన మోడల్ రాతల్ని మునుపటికంటే బాగా పట్టుకుంటోంది. నేను నమ్మేది ఈ రెండో అంకెనే.

పేరాగ్రాఫంత చిన్న జవాబుల మీద, మెషీన్ రాసిచ్చాక పిల్లలు దిద్దుకున్న వాటి మీద ఇప్పటికీ తడబడుతోంది. అందుకే స్కోరు ఎక్కువొచ్చిన వ్యాసాన్ని పక్కన పెట్టి, ఆ విద్యార్థిని పిలిచి అదే విషయం మీద పది నిమిషాలు మాట్లాడిస్తున్నాం. మార్కులు మాత్రం స్కోరు చూసి వేయడం లేదు.