జాగ్రత్త: ఎఫ్‌డీ అని చెప్పి ఇన్సూరెన్స్ అంటగట్టారు, ఆపై 30 రోజుల గడువు దాటించాలని చూశారు

మా నాన్నగారు రిటైరై రెండేళ్లయింది. జూన్ మొదటి వారంలో ఎఫ్‌డీ రెన్యువల్ చేయించడానికి బ్యాంకుకి వెళ్లారు. అక్కడున్న ఒకాయన "ఎఫ్‌డీలో ఏముంది బాబాయ్ గారూ, ఇందులో వేయండి, ఐదేళ్లలో బాగా వస్తుంది, ఇన్సూరెన్స్ ఫ్రీ" అని లక్ష రూపాయలకి సంతకాలు పెట్టించుకున్నాడు. రక్త పరీక్షలకి ఇంటికే మనిషిని పంపారు. "కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, అన్నిటికీ ఎస్ అనండి" అని కూడా చెప్పాడట. నాన్న అలాగే అన్నారు.

జులై 2న నేను ఊరెళ్లినప్పుడు బీరువాలో కొరియర్ కవరు కనిపించింది. విప్పి చదివితే అది ఎఫ్‌డీ కాదు. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టాల్సిన జీవిత బీమా పాలసీ. బీమా మొత్తం పది లక్షలు, డబ్బు చేతికొచ్చేది పదిహేనేళ్లకి. పెన్షన్ మీద బతికే మనిషి పదేళ్లపాటు ఏటా లక్ష ఎక్కడి నుంచి తెస్తారు? ఏ బ్యాంకు, ఏ కంపెనీ అని అడగకండి, పేర్లు రాయను. జరిగింది మాత్రం ఎవరికైనా జరగొచ్చు.

ఇలాంటప్పుడు పనికొచ్చేది ఫ్రీ లుక్. పాలసీ పత్రం మన చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా నచ్చలేదని రాసిస్తే కంపెనీ పాలసీ రద్దు చేసి ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. ఇది 2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన. అంతకుముందు మామూలుగా 15 రోజులే ఉండేది. ఇప్పటికీ 15 రోజులే అని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి.

ఆ 30 రోజులు ఎప్పటి నుంచి లెక్కో ముందు తేల్చుకోవాలి. మా కవరు ఇంటికి చేరింది జూన్ 19న. కానీ జూన్ 10నే పాలసీ ఈమెయిల్‌లో పంపామని కంపెనీ అంది. చూస్తే ఫారంలో ఉన్న ఈమెయిల్ నాన్నది కాదు, ఆయనకి అసలు ఈమెయిలే లేదు. ఎవరో నింపేశారు. ఆ గొడవలోకి దిగకుండా నేను తొందరగా ముగిసే తేదీనే, అంటే జులై 10నే, గడువుగా పెట్టుకున్నాను. మీరూ అలాగే చేయండి. కొరియర్ కవరు మాత్రం పారేయకండి, దాని మీది తేదీ రేపు వాదనలో అవసరం పడుతుంది.

జులై 3న బ్రాంచికి వెళ్తే అసలు కథ మొదలైంది. "సార్ లీవులో ఉన్నారు, సోమవారం రండి" అన్నారు. కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి "మా సీనియర్ మీ ఇంటికొచ్చి వివరంగా చెప్తారు" అంది. ఇంకొకాయన "క్యాన్సిల్ ఎందుకు సార్, ప్రీమియం తగ్గించి వేరే ప్లాన్‌లోకి మారుస్తాం" అన్నాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, అదే చిక్కు. ఒక్కొక్కరికీ రెండు రోజులు ఇస్తే గడువు అయిపోతుంది. గడువు దాటాక మిగిలేది సరెండరే, అంటే పాలసీని మధ్యలో వదిలేసుకోవడమే. మొదటి ఏడాదిలో సరెండర్ చేస్తే చేతికి వచ్చేది దాదాపు సున్నా. అందుకే ఎవరైనా సరెండర్ ఫారం చేతిలో పెడితే సంతకం చేయకండి. ఫ్రీ లుక్ రద్దు, సరెండర్ రెండూ వేర్వేరు.

జులై 4న ఉత్తరం రాశాం. కారణం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఎవరు మోసం చేశారు, ఏమని అబద్ధమాడారు అని రెండు పేజీలు రాస్తే, "విచారణ చేస్తాం" అంటూ దాన్ని మామూలు ఫిర్యాదు దారిలోకి తోసేస్తారు. అప్పుడు కంపెనీ చేసిన వెరిఫికేషన్ కాల్‌లో మీరన్న "ఎస్, ఎస్" రికార్డు తీసి వినిపిస్తారు. ఫ్రీ లుక్‌కి మోసం రుజువు చేయక్కర్లేదు. ఏ షరతు నచ్చలేదో చెబితే చాలు. మేం రాసింది ఇంతే:

"విషయం: ఫ్రీ లుక్ గడువులో పాలసీ రద్దు, ప్రీమియం వాపసు. పాలసీ పత్రం నాకు 19 జూన్ నాడు అందింది. ప్రీమియం పదేళ్లపాటు కట్టాలన్న షరతు, పదిహేనేళ్ల పాలసీ కాలం నాకు సమ్మతం కాదు. నేను పెన్షనర్‌ని, అంతకాలం కట్టలేను. కాబట్టి పాలసీ రద్దు చేసి ప్రీమియం నా బ్యాంకు ఖాతాకి జమ చేయండి. వేరే ప్లాన్‌లోకి మార్చడానికి నేను ఒప్పుకోవడం లేదు."

చివరి వాక్యం తప్పనిసరిగా పెట్టండి. సంతకం పాలసీదారుదే ఉండాలి, కొడుకు చేస్తే చెల్లదు. ఉత్తరంతో పాటు ఒరిజినల్ పాలసీ బాండ్, క్యాన్సిల్ చేసిన చెక్కు, గుర్తింపు కార్డు జిరాక్స్ ఇచ్చాం. బాండ్ ఇచ్చే ముందు ప్రతి పేజీ జిరాక్స్ తీయించాను. ఇవన్నీ ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసులోనే ఇచ్చాం, ఉత్తరం కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాం. బ్యాంకు కౌంటర్లో ఇచ్చి వచ్చేయకండి, అక్కడి నుంచి కంపెనీకి ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలీదు. అదే రోజు అవే కాగితాలు కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కీ పంపి సర్వీస్ రిక్వెస్ట్ నంబరు తీసుకున్నాను.

అభ్యర్థన అందాక 7 రోజుల్లో డబ్బు వేయాలి. మాకు తొమ్మిదో రోజుకీ రాలేదు. కస్టమర్ కేర్ వాళ్లు "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్న ఒక్క మాటే వల్లించారు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల సైటు bimabharosa.irdai.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టాను. ఆన్‌లైన్ రానివాళ్లు 155255కి ఫోన్ చేయొచ్చు. జులై 17న డబ్బు పడింది. అప్పటికీ రాకపోతే, కంపెనీకి ఫిర్యాదు చేసిన నెల తర్వాత బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లేవాళ్లం. మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది, ఫీజు లేదు.

లక్షకి లక్ష రాలేదు, అది మోసం కాదు. 97,540 వచ్చింది. బీమా ఉన్న రోజులకి రిస్క్ ప్రీమియం 760, మెడికల్ టెస్టులకి 1,500, స్టాంపు డ్యూటీ 200 పట్టుకున్నారు. ఈ మూడూ తప్ప ఇంకేదీ, "ప్రాసెసింగ్ చార్జీ" లాంటివి, కోయడానికి వీల్లేదు. స్టాంపు డ్యూటీ మీరే లెక్కేసుకోవచ్చు: వెయ్యికి 20 పైసలు, పది లక్షలకి 200. డబ్బు మార్కెట్‌లో పెట్టే యూలిప్ పాలసీ అయితే ఆ రోజు యూనిట్ ధరని బట్టి వాపసు మొత్తం పెరగొచ్చు, తగ్గొచ్చు. ఆరోగ్య బీమాకీ ఫ్రీ లుక్ ఉంది కానీ కొత్త పాలసీకే, రెన్యువల్‌కి వర్తించదు.

ఆలస్యమైన రోజులకి ఆర్‌బీఐ బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని నిబంధన ఉంది. అదింకా రాలేదు. అది చిన్న మొత్తమే, అయినా అడుగుతూ ఈమెయిల్ పెట్టాను. ఎఫ్‌డీ అని చెప్పి అమ్మిన దాని మీద బ్యాంకుకి వేరే ఫిర్యాదు ఇచ్చాం, డబ్బు చేతికొచ్చాకే ఇచ్చాం. "ఫారం మీద మీ నాన్నగారి సంతకం ఉంది కదా" అని ఇప్పటికి ఒక జవాబు వచ్చింది.