పాత పీఎఫ్ ఖాతా వెతకడానికి ఏది మేలు: పాత కంపెనీనా, పోర్టలా, పీఎఫ్ ఆఫీసా?

"మొదటి ఉద్యోగంలో కట్టిన పీఎఫ్ ఏమైందో తెలియదు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని తరచూ అడుగుతున్నారు. పోయిన వేసవిలో మా తమ్ముడి ఖాతా కోసం మేమూ తిరిగాం. 2009 జూన్ నుంచి 2012 అక్టోబర్ దాకా బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేసి, దుబాయ్ వెళ్లి, 2018లో తిరిగొచ్చాడు. ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు, యూఏఎన్, మొదలైందే 2014లో. అందుకే వాడి పాస్‌బుక్‌లో ఫ్యాక్టరీ ఖాతా ఊసే లేదు.

పాత కంపెనీ నడుస్తుంటే ఒక్క ఫోన్‌తో పీఎఫ్ నంబరు దొరకవచ్చు. మూతపడితే ఆ దారి అక్కడికే ఆగిపోతుంది.

అందుకే నేను పోర్టల్‌తో మొదలుపెట్టమంటాను. ఈపీఎఫ్ఓ సైట్‌లో Establishment Search లో కంపెనీ పేరు కొడితే, లాగిన్ లేకుండానే దాని కోడ్, అది ఏ ఆఫీసు కిందికి వస్తుందో తెలుస్తుంది. కానీ ఖాతా నంబరు చెప్పదు. అది పాత జీతం స్లిప్పులోనో, ఏటా ఇచ్చే పీఎఫ్ స్లిప్పులోనో ఉంటుంది. మావాడి స్లిప్పు అమ్మ బీరువాలో దొరికింది.

నంబరు అసలే దొరకనివాళ్లు నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని ఆ పీఎఫ్ ఆఫీసుకే వెళ్లాలి. ముందు epfigms.gov.in లో ఫిర్యాదు పెట్టి, దాని నంబరుతో వెళ్తే పని సులువు.

అయితే ఏ దారిన వెళ్లినా, పని ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే. పాత రికార్డులో మావాడి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. ఆధార్‌లో పూర్తిగా, పేరు తర్వాత ఉంది. కంప్యూటర్‌కు వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. అందుకే పాత డబ్బును ఇప్పటి పీఎఫ్ ఖాతాకు బదిలీకి పెట్టే ముందే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగం మానిన తేదీ సరిచూసుకోవాలి. తేడా ఉంటే మనమూ, యజమానీ కలిసి సంతకం చేసే సవరణ పత్రం, జాయింట్ డిక్లరేషన్, ఇవ్వాలి. కంపెనీ మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి సంతకం చేయించి ఇచ్చే వీలుంది. మేమలాగే చేశాం. ఈ మెట్టు దాటకుండా పెట్టిన మా మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది.

ఇక బదిలీ దరఖాస్తులో పాత యజమాని, ఇప్పటి యజమానిలో ఎవరు ధ్రువీకరించాలని అడిగితే, ఇప్పటివారినే ఎంచుకోండి.

దొరికిన డబ్బు తీసుకోవాలా, బదిలీ చేయాలా? బదిలీయే. మావాడి పాత సర్వీసు 3 ఏళ్ల 4 నెలలు, ఇప్పటిది 7 ఏళ్లు. రెండూ కలిశాక పింఛనుకు కావలసిన 10 ఏళ్లు దాటాయి.