డీబీఎంఎస్ పరీక్షకు వారమే ఉంది: ఒకటి ముగించి ఇంకొకటా, రోజూ రెండూనా?

సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డు మీదికి ఎక్కిందంటే చాలు, మా అనంతపురం జూనియర్ల దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. మొన్న ఉగ్గాని బజ్జీ తింటుంటే ఒకడు మళ్లీ అడిగినాడు: "అన్నా, వారమే ఉంది. నార్మలైజేషన్ అయిపోగొట్టి ట్రాన్సాక్షన్లకు పోవాల్నా, లేకుంటే రోజూ రెండూ చదవాల్నా?" ప్లేటు ఖాళీ అయ్యేలోపు చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మొదటి పద్ధతి అందరికీ తెలిసిందే. సోమవారం నుంచి బుధవారం దాకా నార్మలైజేషన్, గురువారం నుంచి శనివారం దాకా ట్రాన్సాక్షన్లు, ఆదివారం రెండూ తిరగేయడం, సోమవారం పరీక్ష. దీనిలో మంచి లేకపోలేదు. నార్మలైజేషన్ గొలుసులాంటిది. క్లోజర్ రాకపోతే క్యాండిడేట్ కీలు రావు, కీలు దొరక్కపోతే ప్రైమ్ ఆట్రిబ్యూట్లేవో తేలదు, అవి తేలకపోతే నార్మల్ ఫామ్ చెప్పలేం. మూడు రోజులు ఒకే ఊపులో కూర్చుంటే ఆ గొలుసు తెగకుండా చేతికొస్తుంది.

నేనూ అట్లే చదివినా. బుధవారం రాత్రికి ఏ లెక్కిచ్చినా చకచకా చేసేవాణ్ని. పరీక్షలో ఈ రకం లెక్క వచ్చింది:

```
R(A, B, C, D, E)
A → B
BC → E
ED → A
```

నేను ACD క్లోజర్ తీసినా. A నుంచి B వచ్చె, B, C కలిస్తే E వచ్చె. అన్నీ వచ్చేసినాయి, కీ దొరికిందని ముందుకు పోయినా. కీ ACD అయితే అందులోని A ఒక్కటే B ని తెస్తోంది కదా, అది పార్షియల్ డిపెండెన్సీ, కాబట్టి టేబుల్ 2ఎన్‌ఎఫ్‌లో కూడా లేదని రాసేసి బయటికొచ్చినా.

అది తప్పు. C, D ఏ బాణానికీ కుడివైపు లేవు. అంటే వాటిని ఇంకెవరూ తేలేరు, ప్రతి కీలోనూ అవి ఉండి తీరాలి. CD క్లోజర్ తీస్తే CD దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మిగిలిన మూడింటినీ ఒక్కొక్కటిగా చేర్చి చూడాలి. ACD సరే. BCD తీసుకుంటే BC నుంచి E, ED నుంచి A వస్తాయి, అదీ కీ. CDE తీసుకుంటే A, దాన్నుంచి B, అదీ కీ. మూడు కీలు కలిపితే అయిదు ఆట్రిబ్యూట్లూ ప్రైమే. అన్నీ ప్రైమ్ అయ్యాక పార్షియల్ డిపెండెన్సీ అనే మాటే లేదు. టేబుల్ నేరుగా 3ఎన్‌ఎఫ్‌లో ఉంది. A ఒంటరిగా సూపర్ కీ కాదు కాబట్టి బీసీఎన్‌ఎఫ్‌లో మాత్రం లేదు. ఒక్క కీ దగ్గర ఆగినందుకు నా జవాబు 3ఎన్‌ఎఫ్ నుంచి 1ఎన్‌ఎఫ్‌కు పడిపోయింది.

మిగతా కీలు వెతకాలన్న సంగతి బుధవారం నాకు బాగా తెలుసు. ఆ తర్వాత నాలుగు రోజులు ఒక్క క్లోజర్ కూడా తియ్యలేదు. ఆదివారం నోట్సు తిరగేసినా కానీ చేత్తో చెయ్యలేదు. చూస్తే అన్నీ తెలిసినట్టే అనిపించె. ఏ పద్ధతి మేలో తేల్చేది నా దృష్టిలో ఇదొక్కటే: లెక్కను నాలుగైదు రోజులు వదిలేసి, ఖాళీ కాగితం మీద మళ్లీ మొదలుపెడితే వస్తుందా రాదా? మొదటి పద్ధతిలో ఆ పరీక్ష మనకు హాల్లోనే మొదటిసారి ఎదురవుతుంది.

రెండో పద్ధతిలో పొద్దున నార్మలైజేషన్, సాయంత్రం ట్రాన్సాక్షన్లు, రోజూ అంతే. రెండో రోజు నుంచి పొద్దున్నే మొదటి పని, నిన్నటి లెక్క ఒకటి, నోట్సు మూసి మళ్లీ చెయ్యడం. ఇరవై నిమిషాలు చాలు. మొదట్లో చిరాకుగా ఉంటుంది, ఏదీ పూర్తయినట్టు అనిపించదు. కానీ ఎక్కడ జారుతున్నామో పరీక్షకు ముందే బయటపడుతుంది.

ట్రాన్సాక్షన్లలోనూ ఇట్లా జారే చోటుంది. ఈ షెడ్యూల్ చూడండి. r అంటే చదవడం, w అంటే రాయడం, c అంటే కమిట్, పక్కనున్న 1, 2 అంటే T1, T2 అనే ట్రాన్సాక్షన్లు.

```
r2(X) r1(X) w1(Y) r2(Y) c2 c1
```

ప్రిసిడెన్స్ గ్రాఫ్ గీయమంటే చాలామంది X దగ్గర T2 ముందొచ్చిందని T2 నుంచి T1 కు బాణం గీస్తారు. Y దగ్గర T1 నుంచి T2 కు ఇంకోటి. సైకిల్ వచ్చిందంటారు, సీరియలైజబుల్ కాదని రాసేస్తారు. కానీ X ని ఇద్దరూ చదివినారంతే. రెండు చదవడాల మధ్య కాన్‌ఫ్లిక్ట్ ఉండదు, కనీసం ఒకటైనా రాయడం అయి ఉండాలి. ఆ మొదటి బాణం కొట్టేస్తే మిగిలేది T1 నుంచి T2 కు ఒక్కటే. సైకిల్ లేదు, T1 తర్వాత T2 నడిచినట్టే లెక్క.

అంతటితో అయిపోయిందనుకోకండి. T1 రాసిన Y ని T2 చదివి, T1 కంటే ముందే కమిట్ అయిపోయింది. ఇప్పుడు T1 అబార్ట్ అయితే T2 ని వెనక్కి తెచ్చే దారి లేదు. అంటే ఇది సీరియలైజబులే, కానీ రికవరబుల్ కాదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని పుస్తకంలో చదివినప్పుడు అందరూ తలూపుతారు, కాగితం మీద కలిపేస్తారు. స్ట్రిక్ట్ టూ ఫేజ్ లాకింగ్ ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది. Y మీద రాసే లాకును T1 కమిట్ దాకా పట్టుకునే ఉంటుంది కాబట్టి T2 ఆ Y ని ముందుగా చదవడం కుదరదు.

నా ఓటు రెండోదానికే అని ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అయితే ఒక మినహాయింపు. క్లోజర్ అంటే ఏందో ఇప్పటిదాకా చూడనివాళ్లు మొదటి రెండు రోజులూ పూర్తిగా నార్మలైజేషన్‌కే ఇచ్చేయండి. రాని గొలుసును రోజుకింత తెంచి చదివితే ఏదీ అతకదు. మూడో రోజు నుంచి రెండూ కలపండి.

ఇప్పటికే ఓ మాదిరిగా వచ్చినవాళ్లకైతే, మొదటి రెండు రోజులు పొద్దున క్లోజర్, కీలు. సాయంత్రం ఏసిడ్ లక్షణాలు, ప్రిసిడెన్స్ గ్రాఫ్. మూడు, నాలుగు రోజుల్లో నార్మల్ ఫామ్ తేల్చడం, రికవరబిలిటీ. అయిదో రోజు డీకంపోజిషన్, లాకింగ్. పైన చూపిన R నే బీసీఎన్‌ఎఫ్‌కు విడగొట్టి చూడండి. ముందు AB, ACDE వస్తాయి. ACDE ని ED → A తో విడగొడితే ADE, CDE వస్తాయి. సమాచారం ఏమీ పోదు, కానీ B, C రెండూ ఉన్న టేబుల్ ఒక్కటీ మిగలదు, BC → E ని నిలబెట్టే చోటు పోయింది. "డిపెండెన్సీ ప్రిజర్వేషన్ ఉందా?" అని చివర్లో అడిగేది దీన్నే. ఆరో రోజు మూడు గంటలు కూర్చుని ఒక పాత పేపర్ పూర్తిగా. ఏడో రోజు ఆ వారంలో తప్పినవి మాత్రమే, అవీ చేత్తోనే.

మూడో దారి కూడా కొందరు అడుగుతారు, పాత పేపర్లలోని జవాబులు బట్టీ పట్టడం. ఏసిడ్ మీద వ్యాసానికి పనికొస్తుంది. R లో బాణం ఒక్కటి మారినా పనికిరాదు. BC → E బదులు B → E అని మార్చి కీలు తీసి చూడండి. మూడూ అవే వస్తాయా, రావా?